మొదటి నురగ జిడ్డుకి, రెండోది క్రిములకి

మా ఫస్ట్ ఎయిడ్ గదికి వచ్చిన మనిషి నోరు విప్పకముందే, చేతులు చూసి ఏ పనిలో ఉన్నాడో చెప్పేయొచ్చు. ఇనుప ఖనిజం దగ్గర పనిచేసేవాళ్ల గోళ్ల చుట్టూ ఎర్రమట్టి రంగు గీత ఉంటుంది. బొగ్గు దగ్గర పనిచేసేవాళ్ల అరచేతి రేఖలన్నీ నల్లగా తేలి కనిపిస్తాయి. కన్వేయర్ల మెయింటెనెన్స్ చూసే ఫిట్టర్ల చేతులు మాత్రం కడుక్కుని వచ్చినా మెరుస్తూనే ఉంటాయి. ఆ మెరుపు గ్రీజుది.

విశాఖలో పోర్టు నుంచి గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా ఉక్కు కర్మాగారం దాకా పరుచుకున్న ఈ పారిశ్రామిక ప్రాంతంలోనే నర్సుగా నా ఉద్యోగమంతా గడిచింది. మా గది పెట్టింది తెగిన గాయాలకి, కాలిన బొబ్బలకి, కంట్లో పడ్డ నలుసులకి. కానీ రిజిస్టరులో నేను మళ్లీ మళ్లీ రాసినవి రెండే: చేతుల మీద పగుళ్లు, గోరుచుట్టు. వానాకాలంలో వీటికి విరేచనాలు తోడయ్యేవి. మూడు జబ్బులకీ మందులు వేరు. మూలం మాత్రం కుళాయి దగ్గరే ఉందని నాకు అర్థం కావడానికి, మందులివ్వడం ఆపి, భోజనం వేళకి వెళ్లి వాళ్లు చేతులు కడుక్కోవడం చూడాల్సి వచ్చింది.

ముందు గ్రీజు సంగతి చెప్పాలి. నీళ్లు పోస్తే గ్రీజు ఎందుకు పోదన్న ప్రశ్నకి జవాబు దాని తయారీలోనే ఉంది. బేరింగుల్లో పెట్టే లిథియం గ్రీజులో నూటికి ఎనభై, తొంభై పాళ్లు నూనే. ఆ నూనె కారిపోకుండా చిక్కగా పట్టి ఉంచేది ఒక రకం సబ్బు. అవును, సబ్బే. ఆముదం నుంచి తీసిన కొవ్వు ఆమ్లాన్ని లిథియంతో కలిపి ఆ సబ్బు తయారుచేస్తారు. మనం ఒంటికి రుద్దుకునేది సోడియం సబ్బు, అది నీళ్లలో కరుగుతుంది. లిథియం సబ్బు నీళ్లలో దాదాపు కరగదు. సముద్రపు గాలిలో, వానలో, నీళ్లు చిమ్మే చోట కూడా బేరింగుని వదలకుండా ఉండాలనే గ్రీజుని అలా తయారుచేశారు. అదే పట్టు మన చర్మం మీదా చూపిస్తుంది. దానికి బొగ్గు పొడి, అరిగిన ఇనుప రజను కలిస్తే నల్లటి మడ్డి అవుతుంది.

ఆ మడ్డిని వదిలించడానికి మా ప్రాంతంలో అందరికీ తెలిసిన దారి కిరసనాయిలు. అది దొరకనప్పుడు డీజిలు. నేను చూసిన గ్యాంగులో పద్ధతి ఇలా ఉండేది. సైరన్ మోగగానే ఒక పాత డబ్బాలో ఉన్న కిరసనాయిల్లో అందరూ వరసగా చేతులు ముంచేవారు. కాటన్ వేస్ట్‌తో తుడుచుకునేవారు. ఆ వేస్టు కూడా అంతకుముందు యంత్రాలు తుడిచినదే. తర్వాత డ్రమ్ములో నిలవ ఉన్న నీళ్లలో చేతులు ఒకసారి ఆడించి, క్యారేజీ మూత తీసేవారు. మొత్తం నిమిషం కూడా పట్టేది కాదు. మడ్డి నిజంగానే పోయేది, కాదనను. వాళ్లలో పెద్దాయన, అందరూ మేస్త్రీ అని పిలిచే ఆయన, నాతో అన్నాడు: "సబ్బెట్టి ఎంత రుద్దినా ఒగ్గదు సిస్టరమ్మా. కిరసనాయిలైతే ఒక్క రుద్దుకి పోద్ది. తిండికిచ్చిందే అరగంట, అందులో చేతులకే పదినిమిషాలైపోతే ఎలాగ?"

ఆయన మాటలో న్యాయం ఉంది. నూనెని నూనె కరిగించినట్టు నీళ్లు కరిగించలేవు. కిరసనాయిలు గ్రీజులోని నూనెలో ఇట్టే కలిసిపోతుంది. చిక్కేమిటంటే అది గ్రీజుతో ఆగదు. మన చర్మం పై పొరలో కణాల మధ్య సహజంగా ఉండే కొవ్వు పదార్థాన్ని కూడా కరిగించుకుపోతుంది. లోపలి తడి బయటికి పోకుండా, బయటి క్రిమి లోపలికి రాకుండా కాపాడేది ఆ కొవ్వే. అది పోతే చర్మం తెల్లగా పొడిబారి, కణుపుల మీద, గోటి పక్కన సన్నగా చిట్లుతుంది. ఆ చిట్లిన చోట స్టెఫైలోకాకస్ లాంటి క్రిమి దూరిందంటే గోరుచుట్టే. ఇంకొకటీ ఉంది. డబ్బాలో కిరసనాయిలు పదిమంది చేతుల మడ్డిని పుచ్చుకున్నాక, పదకొండో మనిషికి అది వదిలించేదేమీ లేదు. ఒక వేలి మీదున్న జిడ్డుని చెయ్యంతా పల్చగా పూసి పంపిస్తుంది. పైకి శుభ్రంగా కనిపించే ఆ చేతి మీద సన్నని నూనె పొర ఉంటుంది. ఆ పొర కింద ఏమేమున్నాయో కంటికి కనబడదు.

మేస్త్రీకి ఒక్కసారి చూపించాను. కిరసనాయిలుతో తుడుచుకున్న తన చేతి మీద నాలుగు చుక్కల నీళ్లు పోయమన్నాను. నీళ్లు పరుచుకోలేదు. చుక్కలు చుక్కలుగా నిలబడి జారిపోయాయి. "జిడ్డు పోతే నీళ్లు చర్మాన్ని అంటుకుని పరుచుకోవాలి మేస్త్రీ గారూ. ఇలా ముత్యాల్లా దొర్లుతున్నాయంటే ఇంకా నూనె ఉన్నట్టే" అన్నాను. ఈ పరీక్షకి ఏ సామానూ అక్కర్లేదు. వంటింట్లో మూకుడు తోముకునేవాళ్లందరికీ ఇది తెలుసు.

ఇప్పుడు సబ్బు ఏం చేస్తుందో చూద్దాం. సబ్బు అణువు పొడుగ్గా ఉంటుంది. దాని తోక పన్నెండు నుంచి పద్దెనిమిది కార్బన్ పరమాణువుల గొలుసు. అది నూనె జాతిది కాబట్టి నీళ్లంటే పడదు, జిడ్డు కనిపిస్తే అందులో దూరిపోతుంది. రెండో కొస, అంటే తల, రుణ విద్యుదావేశం ఉన్నది. అది నీళ్లని వదలదు. సబ్బు కలిసిన నీటికి పై పొర బిగువు సగానికి పైగా పడిపోతుంది. అందుకే మామూలు నీళ్లు దూరలేని చర్మపు గీతల్లోకి, గోటి అంచుల్లోకి సబ్బునీళ్లు దూరుతాయి. అక్కడ తోకలన్నీ జిడ్డులోకి గుచ్చుకుంటాయి, తలలన్నీ బయటికి, నీళ్ల వైపు నిలబడతాయి. మనం రుద్దుతున్నకొద్దీ జిడ్డు పొర ముక్కలై చిన్న చిన్న బిందువులవుతుంది. ప్రతి బిందువు చుట్టూ సబ్బు అణువులు నిలబడితే అది కదంబ పువ్వులా ఉంటుంది: మధ్యలో నూనె ఉండ, చుట్టూ బయటికి పొడుచుకొచ్చిన తలలు. ఆ తలలన్నిటికీ ఒకే రకం ఆవేశం ఉంది కాబట్టి బిందువులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, మళ్లీ కలిసి ముద్ద కావు. నీళ్లు పోస్తే వాటితో పాటు వెళ్లిపోతాయి.

ఇందులో రుద్దడం అన్న ముక్కని తీసేస్తే ఏమీ మిగలదు. సబ్బు తనంతట తాను గట్టి గ్రీజు పొరని చీల్చలేదు. చీల్చేది మన చేతుల ఒరిపిడి. చీలినదాన్ని మళ్లీ అతుక్కోకుండా పట్టుకునేది సబ్బు. మోసుకుపోయేది నీళ్లు. ముగ్గురిలో ఒకరు లేకపోయినా పని సగంలో ఆగుతుంది. మేస్త్రీ "ఎంత రుద్దినా ఒగ్గదు" అన్నది ఎందుకంటే, మడ్డి దళసరిగా ఉన్న చేతిని ముందే నీళ్లలో ముంచి, ఆ తర్వాత సబ్బు పట్టుకునేవాడు. నీళ్లు ముందే చేరితే సబ్బు పల్చబడి జారిపోతుంది, గ్రీజు దాకా చేరదు.

అందుకని ఆ గ్యాంగుతో నేను చేయించిన పద్ధతి ఇది. చెయ్యి పొడిగా ఉండగానే, ఉతికిన శుభ్రమైన గుడ్డతో పైపైన ఉన్న మడ్డి తుడిచెయ్యాలి. తర్వాత అర చెంచాడు వంటనూనె గానీ కొబ్బరినూనె గానీ అరచేతిలో వేసుకుని, మడ్డి ఉన్నచోటల్లా అర నిమిషం మర్దనా చెయ్యాలి. గ్రీజు ఈ నూనెలో కలిసి మెత్తబడుతుంది. కిరసనాయిలు చేసిన పనే ఇది, చర్మానికి హాని లేకుండా. మళ్లీ గుడ్డతో తుడవాలి. అప్పటికి సగానికి పైగా పోయి ఉంటుంది. ఇప్పుడు చేతిని కొద్దిగా, అంటే తడి అంటేటంత మాత్రమే తడిపి, సబ్బు బాగా రాయాలి. రుద్దాలి. ఈ మొదటి విడతలో నురగ సరిగ్గా రాదు. బూడిద రంగు జిగురులా వస్తుంది. చాలామంది ఇక్కడే "సబ్బు మంచిది కాదు" అనుకుని కడిగేసుకుంటారు. సబ్బు బాగానే పనిచేస్తోంది. ఉన్న సబ్బంతా జిడ్డుని పట్టుకోవడంలో ఖర్చయిపోతోంది కాబట్టి నురగకి మిగల్లేదు. దాన్ని కడిగి, మళ్లీ సబ్బు రాస్తే రెండోసారి తెల్లటి నురగ పొంగుతుంది.

ఆ తెల్ల నురగే నాకు గుర్తు. నురగ దానంతటది మురికిని తియ్యదు. నురగ రాని డిటర్జెంట్లు కూడా బట్టల్ని ఉతుకుతాయి. కానీ మామూలు సబ్బుతో చెయ్యి కడిగేటప్పుడు నురగ నిలబడిందంటే, జిడ్డు పట్టుకోగా ఇంకా సబ్బు మిగిలి ఉందని లెక్క. చర్మం బయటపడిందని కూడా లెక్క. క్రిముల్ని తీసే పని అప్పుడే మొదలవుతుంది. మొదటి నురగ జిడ్డుకి, రెండోది క్రిములకి అని నేను మా వాళ్లకి చెప్పేది అందుకే. జిడ్డు చేతిని ఒక్కసారి సబ్బుతో కడిగి అన్నం తినేవాడు, గ్రీజుని పల్చబరిచి దాని కింద క్రిముల్ని అలాగే ఉంచుకుని తింటున్నాడు.

మంచి సబ్బు రాసినా నురగ రానివ్వని రెండో శత్రువు నీళ్లలోనే ఉంటుంది. మా విశాఖలో మున్సిపల్ నీళ్లకీ, సముద్రానికి దగ్గరున్న వాడల్లో బోరు నీళ్లకీ తేడా చేతికే తెలుస్తుంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి సబ్బుతో కలిస్తే నీళ్లలో కరగని తెల్లటి తెట్టు తయారవుతుంది. బకెట్టు అంచున పేరుకునే తెలుపు అదే. లెక్క వేసి చూస్తే, లీటరు నీటి గట్టిదనం 300 మిల్లీగ్రాములైతే, ఆ లీటరు దాదాపు రెండు గ్రాముల సబ్బుని నురగ రాకముందే మింగేస్తుంది. మన తాగునీటి ప్రమాణాల్లో మరో ఆధారం లేనప్పుడు 600 దాకా అనుమతి ఉంది. అందుకే సబ్బు రుద్దేటప్పుడు నీళ్లు కొద్దిగా వాడాలి, కడిగేటప్పుడు ధారాళంగా పొయ్యాలి. ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు.

ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్లు బాగుచేసే కుర్రాళ్లకి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. వేటకి వెళ్లిన మరబోటు రోజుల తరబడి సముద్రం మీద ఉంటుంది, మంచినీళ్లు తాగడానికీ వండుకోవడానికే జాగ్రత్త చెయ్యాలి. చేతులకి సముద్రపు నీళ్లే. ఆ నీళ్ల గట్టిదనం మనం పైన చెప్పుకున్న బోరు నీళ్లకి ఇరవై రెట్లు. పైగా లీటరుకి 35 గ్రాముల ఉప్పు. సబ్బు ఫ్యాక్టరీలో ఉడికిన ద్రావణం నుంచి సబ్బుని విడదీయడానికి ఉప్పే కలుపుతారు. అదే సంగతి బోటు మీదా జరుగుతుంది: సబ్బు నీళ్లలో కలవక విడిపోయి ముద్దలు ముద్దలుగా చేతికి అంటుకుంటుంది. కొబ్బరినూనెతో చేసిన సబ్బులో తోకలు పొట్టివి కాబట్టి అది ఉప్పునీళ్లలో కొంత మెరుగు. సబ్బు కాని ద్రవ డిటర్జెంట్లయితే కాల్షియంతో తెట్టు కట్టవు. బోటు మీదికి వెళ్లేవాళ్లకి నేను గిన్నెలు తోమే లిక్విడ్ చిన్న సీసా, చివర్లో తొలుపుకోవడానికి మాత్రం చెంబుడు మంచినీళ్లు అని చెబుతాను. మన్యం నుంచి వచ్చే కుంకుడుకాయ రసం కూడా గట్టినీళ్లలో నురగ ఇస్తుంది. దాని సాపోనిన్ కాల్షియంతో సబ్బులా తెట్టుగా మారదు. మన నాయనమ్మలు బావినీళ్లతో తలంటినా జిడ్డు పోయింది అందుకే. గ్రీజుకి మాత్రం కుంకుడు బలం చాలదు.

ఇక క్రిముల సంగతి. సబ్బు అన్ని క్రిముల్నీ చంపుతుందని చాలామంది నమ్మకం. అది సగం నిజం. కొన్ని వైరస్‌లకి, అంటే కరోనా, ఇన్‌ఫ్లుయెంజా లాంటివాటికి, పైన కొవ్వు తొడుగు ఉంటుంది. సబ్బు తోకలు జిడ్డులోకి దూరినట్టే ఆ తొడుగులోకీ దూరి దాన్ని చీల్చేస్తాయి. తొడుగు చిరిగిన వైరస్ ఇక పనికిరాదు. కానీ విరేచనాలు తెచ్చే రోటావైరస్, నోరోవైరస్, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్‌లకి అలాంటి తొడుగే లేదు. బాక్టీరియాల్లో చాలావాటికి గట్టి గోడ ఉంటుంది. వీటిని సబ్బు చంపడం తక్కువ. చర్మం నుంచి ఊడదీసి, నీళ్లతో పంపించేస్తుంది. మాకు కావలసింది కూడా అంతే. అవి చేతి మీద లేకపోతే చాలు, బతికి డ్రైనులోకి వెళ్లాయా చచ్చి వెళ్లాయా అన్నది అన్నం తినేవాడికి అనవసరం.

ఊడదీయాల్సినవి బయటినుంచి అంటుకున్న క్రిములు. చర్మం లోతుల్లో, వెంట్రుకల కుదుళ్లలో కాపురముండే క్రిములు వేరే ఉన్నాయి. అవి మన ఒంటివే, ఎంత కడిగినా పూర్తిగా పోవు, మామూలుగా హాని చెయ్యవు. ఆపరేషన్ చేసే డాక్టర్లకి మాత్రమే వాటితో పేచీ. కుళాయి పిడి, మెట్ల రైలింగు, తోటివాడి రెంచి, మరుగుదొడ్డి గొళ్లెం నుంచి వచ్చినవే మనకి ప్రమాదం. అవి చర్మం పైన జిడ్డులోనూ చెమటలోనూ అంటుకుని ఉంటాయి. అందుకే వాటిని తీయగలం.

లండన్‌లో చేసి 2011లో ప్రచురించిన ఒక ప్రయోగం ఫలితాన్ని నేను ప్రతి శిక్షణలోనూ చెబుతాను. బస్సుల్లో, నలుగురూ తిరిగే చోట్ల రైలింగులు, తలుపు పిడులు తాకి వచ్చినవాళ్ల చేతుల మీద మలం నుంచి వచ్చే రకం బాక్టీరియా కోసం చూశారు. కడుక్కోనప్పుడు 44 శాతం నమూనాల్లో దొరికాయి. వట్టి నీళ్లతో కడిగితే 23 శాతంలో. మామూలు సబ్బుతో కడిగితే 8 శాతంలో. నీళ్లు సగం పని చేస్తాయి, మిగతా పనిలో ఎక్కువ భాగం సబ్బుది. అందులో వాడింది మందు కలిపిన సబ్బు కాదని గమనించాలి. అమెరికాలో 2016లో ట్రైక్లోసాన్‌తో కలిపి పందొమ్మిది మందుల్ని ఇంట్లో వాడే చేతి సబ్బుల్లో కలపకూడదన్నారు, మామూలు సబ్బు కంటే అవి మెరుగని తయారీదారులు చూపించలేకపోయారు కాబట్టి. పదునైన వాసన వేసే ఖరీదైన "యాంటీ" సబ్బు కొనమని నేను ఎవరికీ చెప్పలేదు.

2020లో శానిటైజరు సీసాలు ప్రతి గేటు దగ్గరా వేలాడదీసినప్పుడు మా ఫిట్టర్లు కూడా దాన్నే రుద్దుకుని అన్నానికి కూర్చున్నారు. శుభ్రమైన చేతికి అది బాగానే పనికొస్తుంది. గ్రీజు చేతి మీద పనికిరాదు. ఆల్కహాలు ఆ జిడ్డు పొరని దాటి కింద ఉన్న క్రిమిని సరిగ్గా చేరలేదు, జిడ్డుని తీసుకుపోవడానికి నీళ్లూ ఉండవు. రుద్దుకున్నదంతా, జిడ్డుతో సహా, చేతి మీదే ఆరిపోతుంది. నోరోవైరస్‌కి ఆల్కహాలు అంతంతమాత్రం. కంటికి మురికి కనిపించే చేతికి సబ్బూ నీళ్లూ తప్ప ప్రత్యామ్నాయం లేదు.

ఎంతసేపు రుద్దాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసుపత్రి సిబ్బందికి మొత్తం పని, తడపడం నుంచి తుడవడం దాకా, 40 నుంచి 60 సెకన్లు అంటుంది. ఇళ్లలో కనీసం 20 సెకన్లు రుద్దమంటారు. ఈ సెకన్లు ఎక్కడికి పోతాయో చూపించడానికి నేను ఒక పని చేసేదాన్ని. తెల్లటి సర్జికల్ గ్లవ్స్ వేసుకోమని, అరచేతిలో కాస్త రంగు పోసి, కళ్లు మూసుకుని సబ్బు రుద్దుకున్నట్టే రుద్దమనేదాన్ని. కళ్లు తెరిచాక అరచేతులు నిండుగా రంగు ఉంటుంది. తెల్లగా మిగిలేవి ఎప్పుడూ అవే: వేళ్ల కొనలు, వేళ్ల సందులు, చేతి వెనక భాగం, బొటనవేళ్లు. అందులోనూ కుడిచేతి వాటం మనిషికి కుడి బొటనవేలు. ఎడంచెయ్యి దాన్ని సరిగ్గా పట్టుకుని రుద్దలేదు. ఆలోచించండి, మనం అన్నం కలిపేది ఏ కొనలతో? ముద్దని నోట్లోకి తోసేది ఏ వేలితో? స్పూనుతో తినేవాడికి ఆ తెల్ల మచ్చల వల్ల వచ్చే నష్టం మనకంటే తక్కువ. చేత్తో తినే మనకి కుడి బొటనవేలే నోటికి దారి.

మేస్త్రీ తన గ్లవ్స్ చాలాసేపు చూసుకున్నాడు. "అంటే ఇన్నాళ్లూ అరచేతులే కడిగేసినాం గాని, తినే ఏళ్లని వొగ్గేసినాం" అన్నాడు. తర్వాత తన గ్యాంగుకి నేను చెప్పినదానికంటే బాగా చెప్పాడు: ముందు కొనలన్నీ రెండో అరచేతిలో గీకాలి, గోళ్ల కిందికి నురగ పోవాలి, తర్వాత బొటనవేలిని రెండో చేతి పిడికిట్లో పట్టుకుని తిప్పాలి, సందులు, వెనకవైపు, అరచేతులు ఆఖర్న, వాటంతటవే కడుక్కుంటాయి.

మా రిజిస్టరులో ఏం మారింది? పద్ధతి మార్చిన కొన్ని వారాలకే కణుపుల మీద పగుళ్లు మానడం కనిపించింది. గోరుచుట్టు తగ్గింది గాని పూర్తిగా పోలేదు. గోళ్లు కొరికే అలవాటున్నవాళ్లకి, చేతి తొడుగులు చిరిగిపోయినా అవే వేసుకుని పనిచేసేవాళ్లకి వస్తూనే ఉండేది. సబ్బు కూడా చర్మానికి పూర్తిగా చుట్టం కాదు. చర్మం స్వభావం కాస్త ఆమ్లం వైపు, సబ్బునీళ్లు క్షారం. రోజుకి నాలుగైదుసార్లు గట్టిగా రుద్దేవాడికి పొడిబారడం తప్పదు. షిఫ్టు అయ్యాక, ఆరిన చేతులకి నాలుగు చుక్కల కొబ్బరినూనె రాయించాను. ఇసుక, రంపపు పొట్టు వేసి రుద్దడం మాన్పించాను. వాటి గరుకు కంటికి కనబడని గీతలు పెడుతుంది, క్రిమికి అవే ద్వారాలు. బట్టల సోడా కూడా మాన్పించాను.

సబ్బు ఏదైనా పరవాలేదా అని అడుగుతారు. కవరు మీద టీఎఫ్ఎమ్ అని ఒక అంకె ఉంటుంది, అందులో ఎంత అసలైన సబ్బు కొవ్వు ఉందో అది చెబుతుంది. మన ప్రమాణాల ప్రకారం 76 శాతం, ఆపైన ఉంటే మొదటి రకం టాయిలెట్ సబ్బు. "బాతింగ్ బార్" అని రాసి ఉన్నవాటిలో 40 శాతం ఉన్నా చాలు. చేతులకి నేను అడిగేది అందులో ఖరీదైనది కాదు, ఎప్పుడూ అక్కడ ఉండేది. సబ్బు బిళ్ల మీద ఇంకొకరి క్రిములు అంటుకుంటాయని భయపడాల్సింది లేదు, నీళ్లు కారిపోయే చోట, ఆరుతూ ఉంటే చాలు. నీళ్లు నిలిచిన డబ్బాలో నానబెట్టకూడదు. నిజంగా భయపడాల్సింది, సగం అయిపోయిన లిక్విడ్ సబ్బు డబ్బాలో నీళ్లు కలిపి మళ్లీ మళ్లీ నింపే అలవాటుకి. అలా పల్చబడిన దాంట్లో క్రిములు పెరుగుతాయి, చెయ్యి కడుక్కున్నవాడికే అవి అంటుకుంటాయి. డబ్బా ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి నింపాలి. ఇక కడిగిన చెయ్యి దేనితో తుడుచుకుంటున్నారో కూడా చూడాలి. తడి చేతికి క్రిములు త్వరగా అంటుకుంటాయి, తడి చేతి నుంచి ఇంకోచోటికి త్వరగా పాకుతాయి కూడా. అందుకే పొడి చెయ్యాలి. కాటన్ వేస్ట్‌తో తుడుచుకుంటే ఇంతసేపు చేసినదంతా వృథా.

ఒక మాట పక్కకి వెళ్లి చెప్పాలి. గ్రీజు గన్ నాజిలు దగ్గర వేలు పెట్టినప్పుడు ఒత్తిడికి గ్రీజు చర్మంలోకి దూసుకుపోతే పైన సూది పోటంత రంధ్రమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో తక్కువే. సబ్బుతో కడుక్కుని పనిలోకి పోవద్దు. లోపల గ్రీజు వేలంతా పాకి కుళ్లబెడుతుంది. అది గంటల్లో ఆపరేషన్ కావాల్సిన గాయం. ఆ క్షణమే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

ఫ్యాక్టరీల చట్టం 1948లోని 42వ సెక్షన్ కార్మికులకి కడుక్కునే సదుపాయం, తగినంతగా, అందుబాటులో, శుభ్రంగా ఉంచాలనేది. నేను తిరిగిన చోట్ల కుళాయిలైతే ఉండేవి, వాటిలో చాలావాటి దగ్గర సబ్బు ఉండేది కాదు. ఉన్నచోట కుళాయి తిప్పడానికి గ్రీజు చేతులే కావాలి, కడుక్కున్నాక కట్టడానికి కూడా ఆ పిడినే మళ్లీ ముట్టుకోవాలి. కాంట్రాక్టర్లకీ, సూపర్‌వైజర్లకీ నేను అడిగేది ఇంతే. మోచేత్తో తిప్పగల లివరు కుళాయి పెట్టండి. దాని పక్కన సబ్బు బిళ్లని వలలో వేసి వేలాడదీయండి. చిన్న సీసాలో వంటనూనె, ఉతికిన గుడ్డలు ఉంచండి. భోజనం సైరన్‌కి పది నిమిషాల ముందు పని ఆపించండి, ఆ పది నిమిషాలు డ్యూటీలో భాగంగా లెక్కేయండి. అరగంట తిండి వేళలోంచి చేతులకి కోసుకోమంటే మనిషి ఎప్పుడూ కిరసనాయిలు డబ్బా దగ్గరికే వెళతాడు.